కొత్త గుమస్తాలకి నెల షీట్ హ్యాండౌట్ రాశాను, చదివి ఎక్కడ తేడా ఉందో చెప్పండి

బెజవాడ లెక్కలు
అందరికీ నమస్తే. మాది విజయవాడలో ఒక చిన్న టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. పార్టీల దగ్గర నుంచి అమ్మకాల బిల్లులు తెప్పించుకుని, వాటిని ఎక్సెల్‌లో నెల షీట్‌లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి జీఎస్టీఆర్-1 వేస్తాం. కొందరు టాలీ నుంచి ఫైలు పంపిస్తారు, కొందరు బిల్లు పుస్తకమే పంపిస్తారు, కొందరు 9వ తారీఖు రాత్రి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి దణ్ణం బొమ్మ పెడతారు. 11వ తారీఖు లోపల వెయ్యాలి కాబట్టి ఆ రెండు రోజులూ ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు ముగ్గురు కొత్తవాళ్లు చేరారు. ముగ్గురూ మూడు రకాలుగా ఎక్కిస్తున్నారు. ఒకే పార్టీ షీట్‌లో తేదీ ఒకచోట 5/9/25, ఇంకోచోట 05.09.2025, మరోచోట 5-Sep. బిల్లు నంబరు ఒకళ్లు పూర్తిగా రాస్తే ఇంకొకళ్లు చివరి అంకెలే రాస్తున్నారు. అందుకని వాళ్ల టేబుల్ మీద పెట్టడానికి ఒక పేజీ రాశాను. ముఖ్యమైన ముక్క ఇది:

"తేదీ అంతటా ఒకేలా రాయాలి, రోజు/నెల/సంవత్సరం. బిల్లు నంబరు బిల్లు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. బిల్లులో రెండు రేట్లుంటే రెండు వరసలు రాయాలి. రేటు కాలమ్‌లో టైప్ చెయ్యొద్దు, తేదీని బట్టి అదే వస్తుంది. రద్దయిన బిల్లులు రాయక్కర్లేదు. తెలియని గడి ఖాళీగా వదిలెయ్యాలి. పార్టీ జీఎస్టీ నంబరు 15 అక్షరాలు ఉందో లేదో లెక్కపెట్టుకోవాలి."

కొత్తగా చదివేవాడికి ఎక్కడ అర్థం కాదో, ఏది తప్పో చెప్పండి.

ఖమ్మం కుర్రాడు
మేడమ్, రిటర్న్ ఆఖరి తేదీ ఈసారి పొడిగించారా? మా నాన్నగారిది ఫారం 16 ఇంకా రాలేదు.

బెజవాడ లెక్కలు
అది ఇన్‌కం టాక్స్ రిటర్న్ తమ్ముడూ, ఇది జీఎస్టీ నెల రిటర్న్. మీ ప్రశ్నకి వేరే చర్చ మొదలెట్టండి, అక్కడ చెప్పేవాళ్లుంటారు.

ఎక్సెల్ వీరుడు
హ్యాండౌట్ బాగుంది గానీ చాలావరకు అనవసరం. మనుషులకి చెప్పే బదులు షీట్‌కే చెప్పండి. తేదీ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Format Cells లో dd-mmm-yyyy పెట్టేస్తే ఎవరెలా టైప్ చేసినా ఒకేలా కనిపిస్తుంది, సమస్య అక్కడితో అయిపోయింది. రేటుకి ఫార్ములా పెట్టడం మంచి పని. ప్లేస్ ఆఫ్ సప్లై కూడా టైప్ చేయించకండి, పార్టీ జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు తీసుకుంటే చాలు. 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ.

పాతపద్దు
వీరుడు గారూ, ఫార్మాట్ మారిస్తే కనిపించేది మారుతుంది, లోపల ఎక్కింది మారదు. ఈ ఒక్క విషయం మీద కాస్త పెద్దగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరిగింది.

ఒక ఆఫీసులో మందుల హోల్‌సేల్ పార్టీది 2025 సెప్టెంబర్ షీట్. ఆ నెల గుర్తుందిగా, 22వ తారీఖు నుంచి రేట్లు మారాయి, మందులు చాలావరకు 12 నుంచి 5కి వచ్చాయి. అంటే ఒకే సరుక్కి 21 వరకు ఒక రేటు, 22 నుంచి ఇంకో రేటు. వాళ్లూ మీలాగే రేటుకి ఫార్ములా పెట్టారు:

```
=IF(C5>=DATE(2025,9,22),5,12)
```

చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ ఎక్కించిన కంప్యూటర్‌లో తేదీ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది, అంటే నెల ముందు, రోజు తరవాత. కొత్త కుర్రాడు మీ హ్యాండౌట్‌లో ఉన్నట్టే చక్కగా రోజు/నెల/సంవత్సరం అని కొట్టుకుంటూ పోయాడు. 05/09/2025 అని కొడితే ఎక్సెల్ దాన్ని మే 9 అని తీసుకుంది. 18/09/2025 అని కొడితే 18వ నెల లేదు కాబట్టి దాన్ని అసలు తేదీగానే తీసుకోలేదు, ఉత్త అక్షరాల్లా ఉంచేసింది. ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు.

ఇప్పుడు రేటు సంగతి చూడండి. 1 నుంచి 8 వరకు తేదీలు తిరగబడి జనవరి 9, ఫిబ్రవరి 9, అలా ఆగస్టు 9 వరకు వెళ్లాయి. అవన్నీ సెప్టెంబర్ 22కి ముందే కాబట్టి 12 శాతం వచ్చింది, అదృష్టం కొద్దీ సరైనదే. 9వ తారీఖు తిరగేసినా మరగేసినా అదే. 10వ తారీఖు బిల్లు అక్టోబర్ 9 అయింది, 11ది నవంబర్ 9, 12ది డిసెంబర్ 9. ఈ మూడు రోజులకీ 5 శాతం పడింది, అది తప్పు. ఇక 13 నుంచి అన్నీ అక్షరాలే. ఎక్సెల్‌లో అక్షరాలనీ అంకెనీ పోలిస్తే ఎప్పుడూ అక్షరాలే పెద్దవి, అందుకని ఆ ఫార్ములా కళ్లు మూసుకుని 5 ఇచ్చేసింది. 22 తరవాతవాటికి అదే సరైన రేటు కూడా.

మొత్తానికి 10 నుంచి 21 వరకు ఉన్న బిల్లులన్నిటికీ రేటు తప్పు, నెల మొదలూ చివరా మాత్రం సరిగ్గా ఉన్నాయి. షీట్ పైన నాలుగు వరసలూ కింద నాలుగు వరసలూ చూసి "బాగానే ఉంది" అనుకునేవాడికి దొరకదు. 18వ తారీఖు బిల్లు ఒకటి, 40,000 సరుకు. పన్ను 4,800 రావాలి, షీట్‌లో 2,000 ఉంది. ఒక్క బిల్లులోనే 2,800 తేడా. పార్టీ సేల్స్ రిజిస్టర్‌తో పన్ను మొత్తం కలవకపోతే అప్పుడు తవ్వారు.

అందుకే హ్యాండౌట్‌లో "రోజు/నెల/సంవత్సరం" అని రాయకండి. నెల అంకెల్లో వద్దు, అక్షరాల్లో కొట్టమనండి: 5-sep-2025. సెట్టింగ్ ఇండియాదైనా అమెరికాదైనా అది సెప్టెంబరే అవుతుంది. ఆఫ్‌లైన్ టూల్ కూడా 05-Sep-2025 అనే తీసుకుంటుంది.

ఎక్సెల్ వీరుడు
ఒప్పుకుంటా, అక్షరాలుగా ఉండిపోయినవి ఫార్మాట్‌కి లొంగవు. కానీ ఇప్పటికే ఎక్కించేసిన షీట్ ఉంటే మళ్లీ కొట్టక్కర్లేదు, ఇది పక్క కాలమ్‌లో పెడితే చాలు:

```
=IF(ISNUMBER(C5),DATE(YEAR(C5),DAY(C5),MONTH(C5)),
 DATE(RIGHT(C5,4),MID(C5,4,2),LEFT(C5,2)))
```

తిరగబడినవాటిని మళ్లీ తిరగేస్తుంది, అక్షరాలని విడదీసి తేదీ చేస్తుంది.

పాతపద్దు
షీట్ మొత్తం ఒకే కంప్యూటర్‌లో ఎక్కి, అందరూ రెండంకెల రోజు, రెండంకెల నెల కొట్టి ఉంటే ఇది పని చేస్తుంది. బెజవాడ మేడమ్ గారి ఆఫీసులో ముగ్గురు కూర్చుని మూడు సిస్టమ్స్‌లో కొడుతున్నారు. ఒక సిస్టమ్‌లో సెట్టింగ్ సరిగ్గా ఉందనుకోండి, అక్కడ సరిగ్గా ఎక్కిన సెప్టెంబర్ 14ని కూడా మీ ఫార్ములా తిరగేస్తుంది, 14వ నెల లేదు కాబట్టి వచ్చే ఏడాది ఫిబ్రవరి 9 చేసి పెడుతుంది. అది కనీసం కళ్లకి కనిపిస్తుంది. 4వ తారీఖుని ఏప్రిల్ 9 చేస్తే చూసి నవ్వుకుని ఊరుకుంటారు, ఇది కూడా తిరగబడిందేలే అని.

ఒకే నెల షీట్ కాబట్టి ఒక దారి ఉంది. నెల సెప్టెంబర్ అయితే ముట్టుకోవద్దు, కాకపోతేనే తిరగెయ్యి అని షరతు పెట్టాలి. ఆ నెల బిల్లులే ఉన్నంతవరకు అది పక్కాగా పని చేస్తుంది. కానీ పోయిన నెల మర్చిపోయిన బిల్లు ఒకటి ఇందులో కలిపారనుకోండి, ఆగస్టు 9 బిల్లు, 09/08/2025. అమెరికా సెట్టింగ్‌లో అది సెప్టెంబర్ 8 అయి కూర్చుంటుంది. ఏ ఫార్ములా పట్టుకోలేదు, బిల్లు కాగితం తీసి చూడాల్సిందే. అందుకే పాత నెల బిల్లులకి రిమార్క్స్ కాలమ్‌లో ఒక మాట రాయించండి.

ఇంకో చిన్న విషయం. ఎక్సెల్‌లో తేదీ సరిగ్గా ఎక్కితే గడిలో కుడివైపుకి జరుగుతుంది, అక్షరాలుగా ఎక్కితే ఎడమవైపు ఉంటుంది. ఇంత మంచి గుర్తు ఉచితంగా ఇస్తుంటే అందంగా ఉంటుందని అందరూ కాలమ్ మొత్తాన్ని సెంటర్ చేసేస్తారు! ఆ అలవాటు మాన్పించండి.

మిర్చియార్డ్ అకౌంట్స్
మా గుంటూరు బాధ కూడా వినండి. మిర్చికి హెచ్ఎస్ఎన్ 0904. కొత్తవాడు 0904 అని కొడతాడు, ఎంటర్ నొక్కగానే 904 అయిపోతుంది. వాడు తప్పు కొట్టలేదు, ఎక్సెలే ముందు సున్నా మింగేసింది. పసుపు 0910 కూడా అంతే. బిల్లు నంబర్లదీ అదే కథ: 0045 అని ఉంటే 45. మా పార్టీ ఒకాయన బిల్లు నంబర్లు నెల/వరస అని పెట్టుకుంటాడు, 9/14 అని. ఎక్సెల్‌లో అది కాసేపు తేదీ అవుతుంది, కాసేపు అవదు. ఇంకో పార్టీది 12E3 అని ఉంటుంది, E అంటే వాళ్ల ఈస్ట్ బ్రాంచి అట. షీట్‌లో 1.20E+04 అని కనిపించింది, నొక్కి చూస్తే 12000. ఆ బిల్లు ఎక్కడిదో వెతకడానికి మాకు పూట పట్టింది.

కొత్త గుమస్తా
ఇది నాకూ అయింది సార్. తరవాత కాలమ్ మొత్తాన్ని Text గా మార్చాను, కానీ 45 అలాగే 45 ఉంది, 0045 కాలేదు. మార్చినా ఎందుకు రాలేదు?

మిర్చియార్డ్ అకౌంట్స్
ముందే మార్చాలి బాబూ. కొట్టిన క్షణంలోనే ఎక్సెల్ అది అంకె అని తీర్మానించేసి 45 అనే దాచుకుంది. ముందు సున్నాలు ఎన్నున్నాయో దానికిప్పుడు గుర్తులేదు. ఖాళీ కాలమ్‌ని Text చేసి అప్పుడు కొట్టు. ఇంకో సంగతి, వేరే ఫైలు నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ ఫైలు ఫార్మాటే వచ్చి నీ Text మీద కూర్చుంటుంది, అందుకని Paste Special లో Values పెట్టు.

పాతపద్దు
మిర్చియార్డ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. హ్యాండౌట్‌లో "బిల్లు మీద ఎలా ఉందో అలాగే" అన్నారు కదా మేడమ్, ఆ మాట సరైనదే గానీ అది ఎందుకో కూడా రాయండి. మనం ఇక్కడ 45 అని వేస్తే కొన్న పార్టీకి 14వ తారీఖున వచ్చే 2బీలో 45 అనే కనిపిస్తుంది. వాళ్ల కొనుగోలు పుస్తకంలో MA/25-26/0045 అని ఉంటుంది. వాళ్ల గుమస్తా రెండూ పక్కపక్కన పెట్టి "ఈ బిల్లు రాలేదు" అని మన పార్టీకి ఫోన్ చేస్తాడు, మన పార్టీ మనకి చేస్తాడు. నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గీతా ఏటవాలు గీతా తప్ప వేరే గుర్తులు కుదరవు, ఇవి రూల్‌లోనే ఉన్నాయి. కాబట్టి బిల్లు మీద చుక్కలో హ్యాష్ గుర్తో ఉంటే గుమస్తా తనంతట తాను మార్చకూడదు, మిమ్మల్ని అడగాలి. ఒకడు చుక్క తీసేసి ఇంకొకడు చుక్క బదులు గీత పెడితే ఒకే పుస్తకంలో రెండు సిరీస్‌లు తయారవుతాయి.

ప్లేస్ ఆఫ్ సప్లై గురించి వీరుడు గారు చెప్పింది సరుకుల వ్యాపారంలో చాలావరకు సరిపోతుంది. కానీ లాడ్జి పార్టీ ఉంటే బోల్తా పడతారు. హైదరాబాద్ కంపెనీ వాళ్లు వచ్చి బెజవాడ హోటల్లో దిగితే వాళ్ల నంబరు 36తో మొదలవుతుంది, ప్లేస్ ఆఫ్ సప్లై మాత్రం హోటల్ ఉన్న చోటు, 37. మీ ఫార్ములా దానికి ఐజీఎస్టీ వేయిస్తుంది. డ్రాప్‌డౌన్ పెట్టి బిల్లు చూసి ఎంచుకోమనడమే మేలు.

ఎక్సెల్ వీరుడు
లాడ్జి సంగతి నాకు తట్టలేదు. మా దగ్గర అన్నీ ఐరన్ షాపులే.

బెజవాడ లెక్కలు
పాతపద్దు గారూ, మా దగ్గర రెండు లాడ్జిలున్నాయి, మంచి మాట చెప్పారు. అయితే రేటు ఫార్ములా ఉంచాలా తియ్యాలా? తేదీలు సరిగ్గా ఎక్కితే అది బాగానే పని చేస్తుంది కదా. కొత్తవాళ్లు రేటు తప్పు కొడతారని భయం.

పాతపద్దు
తీసెయ్యండి. బిల్లులో ఏ రేటు వేసి పన్ను వసూలు చేశారో అదే షీట్‌లో ఉండాలి. పార్టీ 23వ తారీఖున పొరపాటున 12 వేసి ఉంటే మీ ఫార్ములా దాన్ని నిశ్శబ్దంగా 5 చేసేస్తుంది, ఆ తప్పు ఉందనే సంగతి మీకు తెలియదు, పార్టీకి తెలియదు. రేటు బిల్లు చూసి ఎంచుకోవాలి, 0, 5, 18, 40 ఇలా డ్రాప్‌డౌన్ ఉంటే 81 కొట్టే అవకాశం ఉండదు. పాత బిల్లుల కోసం 12, 28 కూడా జాబితాలో ఉంచండి. ఫార్ములాని పక్క కాలమ్‌లో తనిఖీకి వాడుకోండి, రేటుని బట్టి పన్ను ఎంత రావాలో అది లెక్కేస్తుంది, బిల్లు మీద ఉన్న పన్నుతో రూపాయికి మించి తేడా వస్తే ఎర్రగా చూపించమనండి.

పీహెచ్‌సీ డేటా అక్క
నాది వేరే డిపార్ట్‌మెంటు, అయినా ఒక మాట చెప్పబుద్ధేస్తోంది. మేము ప్రతి నెలా సబ్‌సెంటర్ల నుంచి వచ్చిన లెక్కలు హెచ్ఎంఐఎస్‌లో ఎక్కిస్తాం. మీ హ్యాండౌట్‌లో "తెలియని గడి ఖాళీగా వదిలెయ్యాలి" అన్న మాట చూడగానే గుండె ఝల్లుమంది. మా దగ్గర ఖాళీ గడి అంటే ఆ నెల కాన్పులు ఏమీ జరగలేదా, ఏఎన్ఎం రిపోర్టు ఇవ్వలేదా, ఇచ్చినా నేను ఎక్కించడం మర్చిపోయానా అని మూడు అర్థాలు. లేకపోతే సున్నా కొట్టాలి, రాకపోతే ఖాళీ ఉంచి పక్కన రాసి ఫోన్ చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్లు బాగా కనిపించాలని అన్నిటికీ సున్నాలు కొట్టేస్తారు, అది ఇంకా ప్రమాదం.

బెజవాడ లెక్కలు
అక్కా, చాలా మంచి పాయింటు. మా దగ్గరా అదే, పన్ను లేని సరుకు బిల్లుకి రేటు 0, ఇంకా చూడని బిల్లుకి ఖాళీ, రెండూ మొత్తంలో ఒకేలా కలిసిపోతాయి.

కొత్త గుమస్తా
నాకు రెండు రేట్ల బిల్లు దగ్గరే ఎప్పుడూ కన్ఫ్యూజన్. రెండు వరసలు రాయమన్నారు, సరే. బిల్లు మొత్తం ఏ వరసలో రాయాలి? రెండింటిలో రాస్తే డబుల్ అవుతుంది కదా. నేను విడగొట్టి రాస్తున్నాను, మా సీనియర్ తిడుతున్నారు గానీ ఎందుకో చెప్పట్లేదు.

పాతపద్దు
లెక్క వేసి చూపిస్తాను. బిల్లు ఒకటే, అందులో 5 శాతం సరుకు 10,000, 18 శాతం సరుకు 20,000. పన్ను 500, ఇంకా 3,600. బిల్లు మొత్తం 34,100.

నువ్వు విడగొట్టి ఒక వరసలో 10,500, ఇంకో వరసలో 23,600 రాస్తున్నావు. ఆఫ్‌లైన్ టూల్‌లో ఆ కాలమ్ అడిగేది ఆ బిల్లు మొత్తం విలువ, ఆ వరస విలువ కాదు. ఒకే నంబరు, ఒకే తేదీ ఉన్న రెండు వరసల్లో రెండు వేరు మొత్తాలుంటే ఒకే బిల్లుకి రెండు విలువలు చెప్పినట్టు. కాబట్టి రెండు వరసల్లోనూ 34,100 అనే రాయాలి. టాక్సబుల్ విలువ మాత్రం ఏ వరసది ఆ వరసే, 10,000, 20,000.

డబుల్ అవుతుందన్న నీ అనుమానం సరైనదే. కింద SUM కొడితే ఈ ఒక్క బిల్లుకే 68,200 వస్తుంది. అందుకని బిల్లు మొత్తం కాలమ్‌ని ఉత్తినే కూడకూడదు. పక్కన ఒక కాలమ్ పెట్టుకుని, ఆ నంబరు మొదటిసారి కనిపించినప్పుడే విలువ తీసుకోమని చెప్పాలి:

```
=IF(COUNTIF(B$5:B5,B5)=1,F5,0)
```

ఆ కాలమ్‌ని కూడితే పార్టీ సేల్స్ రిజిస్టర్ మొత్తంతో కలుస్తుంది. ఒక జాగ్రత్త: COUNTIF కి 0045, 45 రెండూ ఒకటే, Text గా ఉన్నా సరే. అలాంటి నంబర్లు ఒకే షీట్‌లో ఉంటే నిజంగా రెండు బిల్లులున్నా ఒకటే లెక్కేస్తుంది.

ఎక్సెల్ వీరుడు
టాక్సబుల్ కాలమ్ కూడి కలుస్తుందో లేదో చూసుకుంటే చాలదా, ఇంత తిప్పలెందుకు?

పాతపద్దు
టాక్సబుల్ కలవడం తప్పనిసరి, అది ముందు చూడాల్సిందే. కానీ 5 శాతం సరుకుని 18 వరసలో, 18 సరుకుని 5 వరసలో రాసినా టాక్సబుల్ మొత్తం కలుస్తుంది. పై బిల్లే తీసుకోండి, తారుమారైతే 20,000 మీద 1,000, 10,000 మీద 1,800, పన్ను 2,800. అసలు పన్ను 4,100. టాక్సబుల్ మాత్రం 30,000, ఎక్కడికీ పోలేదు. వరసల పన్నూ టాక్సబులూ కూడి ఆ బిల్లు మొత్తంతో పోలిస్తేనే ఇది బయటపడుతుంది.

బెజవాడ లెక్కలు
రద్దయిన బిల్లుల గురించి ఎవరూ ఏమీ అనలేదు, అది సరిగ్గానే ఉందనుకోవాలా?

పాతపద్దు
లేదు మేడమ్, దాని దగ్గరికే వస్తున్నా. జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక ఉంది కదా, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు బిల్లులిచ్చారు, మొత్తం ఎన్ని, రద్దయినవెన్ని అని. రద్దయినవి షీట్‌లో రాయకపోతే 0412 తరవాత 0414 కనిపిస్తుంది. 0413 రద్దయిందా, గుమస్తా వదిలేశాడా, పార్టీ ఇంకా పంపలేదా? చివరి రోజు రాత్రి ఈ ప్రశ్నకి జవాబు చెప్పేవాడుండడు. వరస రాయించండి, నంబరు రాసి, స్టేటస్ కాలమ్‌లో "రద్దు" అని ఎంచుకుని, విలువ సున్నా. పీహెచ్‌సీ అక్క చెప్పిన సున్నా ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

క్రెడిట్ నోట్లు మాత్రం రద్దు కాదు, ఈ రెండూ కలిపేస్తుంటారు. బిల్లు ఇచ్చాక సరుకు తిరిగొస్తే బిల్లు అలాగే ఉంటుంది, నోట్ విడిగా ఎక్కాలి.

మిర్చియార్డ్ అకౌంట్స్
క్రెడిట్ నోట్‌కి మేము మైనస్ గుర్తు పెట్టి కొడతాం. అలా అయితే కింద మొత్తం సరిగ్గా నికరంగా వస్తుంది.

పాతపద్దు
టూల్‌లో రిజిస్టర్డ్ పార్టీల నోట్లకి నోట్ రకం C అని పెట్టి విలువ మామూలుగానే రాయాలి, తగ్గించడం పోర్టల్ పని. మీ షీట్‌లో మైనస్ ఉంటే అక్కడికి తీసుకెళ్లేటప్పుడు గుర్తు తీసెయ్యాలి. ఆ తీసేసేవాడు సెలవు పెట్టిన నెల ఏమవుతుంది?

మిర్చియార్డ్ అకౌంట్స్
మాకు ఇంతవరకు ఏమీ కాలేదండీ. మైనస్ కనిపిస్తే అది నోట్ అని కంటికి తెలుస్తుంది, C అనే అక్షరం ఎక్కడో మూల కాలమ్‌లో ఉంటే ఎవరు చూస్తారు? అన్‌రిజిస్టర్డ్ చిన్న అమ్మకాల్లో ఎలాగూ నికరమే వెయ్యాలి కదా.

పాతపద్దు
ఆ చిన్న అమ్మకాల విషయంలో మీ మాట నిజమే. మిగతాదాంట్లో నేను నా మాట మీదే ఉంటాను, మీరు మీ మాట మీద ఉండండి. హ్యాండౌట్‌లో మాత్రం ఏదో ఒకటే రాయాలి, సగం మైనస్, సగం ప్లస్ ఉన్న షీట్ కంటే ఏదైనా నయమే.

కొత్త గుమస్తా
జీఎస్టీ నంబరు 15 లెక్కపెడితే సరిపోతుందా? నేను ఒకసారి లెక్కపెట్టాను, 15 ఉంది, అయినా టూల్ తీసుకోలేదు.

ఎక్సెల్ వీరుడు
చివర్లో కనిపించని ఖాళీ ఉండి ఉంటుంది, LEN కొట్టి చూడు, 16 వస్తే TRIM వాడు.

పాతపద్దు
పీడీఎఫ్ నుంచి తెచ్చిన ఖాళీకి TRIM చాలకపోవచ్చు, అది మామూలు ఖాళీ కాదు, దాన్ని SUBSTITUTE తో CHAR(160) అని పెట్టి తీసెయ్యాలి. అది కాకపోతే O, సున్నా గొడవ అయ్యుంటుంది. దానికి లెక్కపెట్టడం కాదు, చోటు చూడాలి. మొదటి రెండూ అంకెలు, తరవాత పాన్: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. కాబట్టి మూడు నుంచి ఏడు వరకు సున్నా ఉండదు, ఎనిమిది నుంచి పదకొండు వరకు O ఉండదు. పద్నాలుగోది మామూలుగా Z, చేతిరాతలో అది 2 లాగా కనిపిస్తుంది. తప్పు నంబరైనా అది ఇంకెవరిదో నిజమైన నంబరు అయి ఉంటే టూల్ కూడా కిమ్మనదు. క్రెడిట్ వేరేవాళ్లకి వెళ్తుంది. విలువ తప్పితే 3బీ వేసేలోపు 1ఏలో దిద్దుకోవచ్చు గానీ, కొన్నవాళ్ల నంబరు తప్పితే అది అక్కడ కుదరదు, వచ్చే నెల జీఎస్టీఆర్-1లో సవరించాలి, అప్పటిదాకా ఆ పార్టీ ఫోన్లు భరించాలి. అందుకే నంబరు ప్రతిసారీ కొట్టించకండి, పార్టీల జాబితా ఒకటి పెట్టుకుని, ఒకసారి పోర్టల్‌లో పేరుతో సరిచూసి, తరవాత అక్కణ్ణుంచే ఎంచుకోనివ్వండి.

బెజవాడ లెక్కలు
అందరి మాటలూ కలిపి మళ్లీ రాశాను, చూడండి:

"తేదీ 5-sep-2025 అని నెల అక్షరాల్లో కొట్టండి, కొట్టాక అది కుడివైపుకి జరిగిందో లేదో చూడండి, కాలమ్‌ని సెంటర్ చెయ్యకండి. పాత నెల బిల్లు అయితే రిమార్క్స్‌లో 'పాత నెల' అని రాయండి. బిల్లు నంబరు, హెచ్ఎస్ఎన్ కాలమ్‌లు ముందే Text చేసి ఉన్నాయి, పేస్ట్ చేస్తే Values మాత్రమే. నంబరు బిల్లు మీద ఉన్నట్టే, కొన్నవాళ్లు దానితోనే వెతుక్కుంటారు. రేటు బిల్లు చూసి ఎంచుకోండి. రెండు రేట్లుంటే రెండు వరసలు, బిల్లు మొత్తం రెండింటిలోనూ పూర్తిగా. రద్దయిన బిల్లుకీ ఒక వరస, స్టేటస్ 'రద్దు', విలువ 0. తెలియని గడి ఖాళీ ఉంచి రిమార్క్స్‌లో 'అడగాలి' అని రాయండి, సున్నా కొట్టకండి. జీఎస్టీ నంబరు జాబితాలోంచే, కొత్త పార్టీ అయితే నాకు చూపించాకే."

క్రెడిట్ నోట్ సంగతి ఇంకా రాయలేదు, మా సార్‌ని అడిగి ఆయన ఏదంటే అది పెడతాను.

పీహెచ్‌సీ డేటా అక్క
'అడగాలి' అని రాసినవి ఎవరు, ఎప్పుడు అడుగుతారో కూడా రాయండి. మా దగ్గర ఆ మాట రాసిన గడులు మూడు నెలలు అలాగే ఉన్నాయి.

బెజవాడ లెక్కలు
రాస్తాను అక్కా. 8వ తారీఖు సాయంత్రం రిమార్క్స్ ఫిల్టర్ చేసి నేనే పార్టీలకి ఫోన్ చేస్తాను అని పెడతా.

కొత్త గుమస్తా
బిల్లు మీద తేదీయే లేకపోతే? మాకు ఒక పార్టీ చేతిరాత బిల్లులు పంపిస్తాడు, సగం వాటికి తేదీ ఉండదు. ముందు బిల్లు తేదీ వేసెయ్యమన్నారు మా వాళ్లు.

పాతపద్దు
వెయ్యకు. ముందు బిల్లు 30, తరవాతది 1 అయితే మధ్యలోది ఏ నెలదో నువ్వెలా చెప్తావు? 'అడగాలి' అని రాసి ఆ బిల్లు ఫోటో మీ సీనియర్‌కి పంపు. పార్టీ తేదీ వేసి సంతకం పెట్టిన కాపీ వచ్చాకే ఎక్కించు.

మిర్చియార్డ్ అకౌంట్స్
మా పార్టీలైతే తేదీ అడిగితే "మీరే ఏదో ఒకటి వెయ్యండి" అంటారు. వాళ్లకి కూడా ఒక హ్యాండౌట్ రాయండి మేడమ్.